భుజాలు తడుముకునేది ఎవరు? తెలుగు పద్యంలో దాచిపెట్టిన వెటకారం

స్కూల్లో మా తెలుగు మాస్టారు ఒక సీసపద్యం చదివి, పుస్తకం మూసి, "ఇందులో కవి దేవుణ్ణి పొగిడాడా తిట్టాడా?" అని అడిగారు. క్లాసంతా ఒక్క గొంతుతో "పొగిడాడండీ" అన్నాం. ఆయన నవ్వి, "మళ్ళీ చదవండి, చివరి మాట దగ్గర ఆగండి" అన్నారు. ఆ పద్యం ఇది. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకంలోది.

ఆలు నిర్వాహకురాలు భూదేవియై యఖిలభారకుఁడన్న యాఖ్య దెచ్చె
నిష్టసంపన్నురా లిందిర భార్యయై కామితార్థదుఁడన్న ఘనత దెచ్చె
కమలగర్భుఁడు సృష్టికర్త తనూజుఁడై బహుకుటుంబికుఁడన్న బలిమి దెచ్చె
కలుషవిధ్వంసిని గంగ కుమారియై పతితపావనుఁడన్న ప్రతిభ దెచ్చె
నాండ్రు బిడ్డలు దెచ్చు ప్రఖ్యాతి గాని
మొదటి నుండియు నీవు దామోదరుఁడవె
చిత్ర చిత్ర ప్రభావ! దాక్షిణ్య భావ!
హత విమత జీవ! శ్రీకాకుళాంధ్ర దేవ!

మొదటి నాలుగు పాదాలు వింటే ఏ గుడిలోనైనా చదువుకునే స్తోత్రంలానే ఉంటుంది. అఖిలభారకుడు, కామితార్థదుడు, బహుకుటుంబికుడు, పతితపావనుడు, అన్నీ విష్ణువుకి ఉన్న మంచి పేర్లే. కానీ ప్రతి పేరు ముందూ అది ఎక్కడినుంచి వచ్చిందో కవి చెప్పుకుంటూ పోతున్నాడు. లోకం బరువు మోసేది భూదేవి, ఆవిడ నీ పెళ్ళాం కాబట్టి మోసేవాడన్న పేరు నీకొచ్చింది. డబ్బు లక్ష్మిది, అడిగినవి ఇస్తాడన్న పేరు నీది. సృష్టి చేసేది కొడుకు బ్రహ్మ, పాపాలు కడిగేది నీ పాదాల్లో పుట్టిన కూతురు గంగ. ఇలా ఒక్కో పాదంలో ఒక్కో బిరుదు ఇస్తూ, అదే చేత్తో వెనక్కి తీసేసుకుంటున్నాడు. చివరికి గీతపద్యంలోకి వచ్చేసరికి చేతులు దులుపుకుని, పెళ్ళాలూ బిడ్డలూ తెచ్చిన పేరే గానీ మొదట్నుంచీ నువ్వు వట్టి దామోదరుడివే కదయ్యా అంటాడు.

దామోదరుడు కూడా విష్ణువు పేరే, సహస్రనామంలో ఉన్నదే. దామం అంటే తాడు, అది ఉదరం మీద ఉన్నవాడు. వెన్న దొంగిలించినందుకు యశోద రోలుకి కట్టేసింది చూడండి, ఆ పిల్లాడు. అంటే స్వామికి సొంతంగా మిగిలింది పొట్ట చుట్టూ ఒక తాడు. పూజారి మాత్రం ఈ మాట విని భక్తిగా కళ్ళకద్దుకోవచ్చు. తిట్టు అనడానికి సాక్ష్యం ఏమీ దొరకదు, ఎందుకంటే కవి వాడిన ప్రతి మాటా దేవుడి పేరే.

దీన్నే మనవాళ్ళు నిందాస్తుతి అంటారు. అలంకారశాస్త్రంలో పేరు వ్యాజస్తుతి. ఈ రెండిటినీ ఒకటే అనుకుని చాలామంది కలిపేస్తుంటారు గానీ చిన్న తేడా ఉంది. వ్యాజం అంటే సాకు, మిష. పైకి తిట్టి లోపల పొగిడితే వ్యాజస్తుతి, పైకి పొగిడి లోపల తిట్టినా వ్యాజస్తుతే, అది రెండు వైపులా పదునున్న కత్తి. నిందాస్తుతి అన్న మాటని మాత్రం మామూలుగా మొదటి రకానికే, అందులోనూ దేవుడితో చనువుగా చేసే దెబ్బలాటకే వాడతాం. రాజుల్నీ పిసినారుల్నీ పట్టుకున్నది ఎక్కువగా రెండో రకం. పురుషోత్తమ కవి చేసిన తమాషా ఏమిటంటే ఒకే పద్యంలో రెండూ నడిపాడు.

అదెలాగో చూడాలంటే ఈ శతకం పుట్టిన చోటు తెలియాలి. ఈ శ్రీకాకుళం ఉత్తరాంధ్రలోది కాదు, కృష్ణా జిల్లాలో ఘంటసాల దగ్గర, కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. అక్కడి దేవుడు ఆంధ్రమహావిష్ణువు. శ్రీకృష్ణదేవరాయలకి కలలో కనబడి ఆముక్తమాల్యదని తెలుగులో రాయమన్నది ఈయనేనని రాయలే ఆ కావ్యం మొదట్లో చెప్పుకున్నాడు. అలాంటి దేవుడికి తర్వాతి కాలంలో ధూపదీపాలకే దిక్కులేకుండా పోయింది. ఆ ప్రాంతం చల్లపల్లి జమీందార్ల ఏలుబడిలో ఉండేది, కవి బతికిందీ ఆ సంస్థానం నీడలోనే. గుడి పాడుబడి ఉండటం చూసి కవి దేవుడి మీద విరుచుకుపడుతూ ఈ శతకం చెప్పాడనీ, అది విని జమీందారు గుడికి మళ్ళీ పూజలు జరిగే ఏర్పాటు చేశాడనీ చెబుతారు.

ఇప్పుడు పద్యం మళ్ళీ చదవండి. తన సొంత గుడిలో దీపం వెలిగించుకోలేనివాడికి అఖిలభారకుడన్న బిరుదెందుకు అన్న ప్రశ్న దేవుడికే కదా వేశాడు. కానీ ఆ గుడికి నూనె పోయించాల్సిన మనిషి ఎవరు? ఇంటిపేరు తెచ్చిన పరువు, తాతలు సంపాదించిన భూమి, దివాన్లు నడిపే పరిపాలన, వీటి మీద "మహారాజశ్రీ" అనిపించుకునే మనిషి ఈ పద్యం వింటూ కూర్చుంటే ఏమనిపిస్తుంది? ఈ రెండో పొర కవి రాసిపెట్టింది కాదు, నేను చదువుతున్న తీరు. కానీ గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అని మనకో సామెత ఉంది కదా, దాచిన వెటకారం మొత్తం ఆ సామెత మీదే నడుస్తుంది. కవి ఎవరి పేరూ చెప్పడు. కోపమొచ్చినవాడు తనంతట తానే లేచి నిలబడాలి, నిలబడితే ఒప్పుకున్నట్టే.

సుమతీ శతకంలో కనకపు సింహాసనం పద్యం అందరికీ వచ్చిందే.

కనకపు సింహాసనమున
శునకముఁ గూర్చుండబెట్టి శుభలగ్నమునన్
దొనరగఁ బట్టము గట్టిన
వెనకటి గుణమేల మాను వినరా సుమతీ

దీన్ని పిల్లలకి నీతిపద్యంగా చెప్పేసి వదిలేస్తాం గానీ, ఒకసారి కొలువులో ఊహించుకోండి. శుభలగ్నం, పట్టాభిషేకం, బంగారు సింహాసనం, ఇవన్నీ రాజుకి జరిగేవి. కవి మధ్యలో ఒక్క మనిషిని తీసి కుక్కని కూర్చోబెట్టాడంతే. "ఏమయ్యా, నన్ను కుక్క అన్నావా?" అని ఏ రాజూ అడగలేడు, అడిగిన క్షణంలో ఆ పోలిక తనకి సరిపోయిందని తానే తేల్చినట్టవుతుంది. ఇలా ఒకరి మీద పెట్టి ఇంకొకరికి చెప్పడాన్ని అన్యాపదేశం అంటారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమే, కాకపోతే ఇక్కడ దుత్త పగలకుండా అత్తకి మాత్రం తగులుతుంది.

ఇక లోభుల సంగతి. పిసినారిని తిట్టడం చాలా సులువు, అందుకే ఆ పద్యాల్లో ఎక్కువ భాగం చప్పగా ఉంటాయి. పిసినారిని పొగిడి తిట్టడం కష్టం. సంస్కృతంలో దీనికి పాఠంలా చెప్పుకునే శ్లోకం ఒకటుంది.

కృపణేన సమో దాతా న భూతో న భవిష్యతి
అస్పృశన్నేవ విత్తాని యః పరేభ్యః ప్రయచ్ఛతి

పిసినారితో సమానమైన దాత ఇంతవరకూ పుట్టలేదు, ఇక పుట్టడు, ఎందుకంటే తన డబ్బుని చేత్తో తాకనైనా తాకకుండా మొత్తం ఇతరులకి ఇచ్చేస్తాడు. మొదటి పంక్తి దగ్గర ఆపేస్తే సన్మానపత్రం. రెండో పంక్తిలో 'తాకకుండానే' అన్న మాట దగ్గర బండారం బయటపడుతుంది. ఎప్పుడు ఇస్తాడు? చచ్చాక. కవి ఆ మాట ఎక్కడా అనలేదు, మనచేతే అనిపించాడు. వెటకారం వినేవాడి బుర్రలో పూర్తవ్వాలి, కవే పూర్తి చేసేస్తే అది తిట్టు అవుతుంది.

ఇదే సంగతి వేమన చెప్పిన తీరు చూడండి.

ధనము కూడబెట్టి దానంబు సేయక
తాను తినక లెస్స దాచుగాక
తేనెటీఁగ గూర్చి తెరువరి కియ్యదా
విశ్వదాభిరామ వినురవేమ

ఇది పొగడ్త కాదు, నేరుగా లోభినే అంటున్నాడు. అయినా "తెరువరికియ్యదా" అన్న ఆ ప్రశ్నలో ఒక చురక ఉంది. తెరువరి అంటే బాటసారి. తేనెటీగ ఇవ్వదు, వాడు పొగబెట్టి పట్టుకుపోతాడు. అయినా కవి "ఇవ్వదా ఏం?" అని అమాయకంగా అడుగుతున్నాడు, దొంగతనానికి దానమని పేరు పెట్టి. శ్లోకంలో ఉన్నదీ సరిగ్గా ఇదే కిటుకు, కానీ అక్కడ దాన్ని పొగడ్తలో చుట్టారు, వేమన పల్లెటూరి పోలికలో చుట్టాడు. నాకైతే వేమనదే ఎక్కువ ఇష్టం, తేనెపట్టు కోయడం చూసినవాళ్ళకి అది కళ్ళముందు కనబడుతుంది కాబట్టి. అదే వేమన "లోభివాని జంప లోకంబు లోపల మందు వలదు" అని మొదలుపెట్టి, పైకం అడిగితే చాలు భగ్గున పడి చస్తాడన్నప్పుడు ఏ ముసుగూ లేదు. అది జోక్, మంచి జోకే, కానీ ఒకసారి నవ్వాక మళ్ళీ తవ్వుకునేందుకు ఏమీ మిగలదు.

శ్రీనాథుడి పేరు మీద చెప్పుకునే చాటువు ఇంకో దారి పట్టింది. పల్నాడులో తిరుగుతూ దాహానికి గుక్కెడు నీళ్ళు దొరక్క శివుణ్ణి అడిగాడట.

సిరిగలవానికిఁ జెల్లును
దరుణులఁ బదియాఱువేలఁ దగఁ బెండ్లాడన్
దిరిపెమున కిద్ద ఱాండ్రా
పరమేశా! గంగ విడుము, పార్వతి చాలున్

సంపద ఉన్న కృష్ణుడు పదహారువేలమందిని చేసుకున్నా చెల్లుతుంది, అడుక్కు తినేవాడివి నీకు ఇద్దరు పెళ్ళాలా, గంగని వదిలెయ్, పార్వతి చాలు అంటాడు. వినడానికి ఊరి రచ్చబండ మీద పెద్దమనిషి బుద్ధి చెబుతున్నట్టే ఉంటుంది. మొత్తం వాదనంతా సంసారం గురించి. కానీ కావల్సింది నీళ్ళు. ఆ మాట పద్యంలో ఎక్కడా లేదు, గంగ అన్న ఒక్క పేరులో దాక్కుని ఉంది. పైగా ఎదుటివాణ్ణి తిరిపెగాడంటున్నవాడే అక్కడ చేయి చాస్తున్నాడు. దేవుడి పిసినారితనం, ఆ నేల ఎండిపోయిన తీరు, తన అవస్థ, మూడూ నాలుగు చిన్న పాదాల్లో పట్టేశాయి. అయితే చాటువుల విషయంలో ఒక జాగ్రత్త కావాలి. ఇవి నోటినుంచి నోటికి వచ్చినవి, పద్యం బాగుంటే దాన్ని పెద్ద కవి ఖాతాలో వేసేయడం మనకి అలవాటు, దాని చుట్టూ కథ కూడా తర్వాత అల్లుకుంటుంది. కాబట్టి కథ నిజమా కాదా అని కొట్టుకునే కన్నా పద్యంలో ముడి ఎక్కడ వేశారో వెతకడం మేలు.

రాజుల కొలువులోనే, వాళ్ళ మొహం మీదే చెప్పిందని పేరున్న పద్యం అడిదము సూరకవిది. 18వ శతాబ్దం, విజయనగరం. పూసపాటి విజయరామరాజుని పొగుడుతూ చెప్పింది.

రాజు కళంకమూర్తి, రతిరాజు శరీరవిహీనుఁ, డంబికా
రాజు దిగంబరుండు, మృగరాజు గుహాంతరసీమవర్తి, వి
భ్రాజిత పూసపాడ్విజయరామనృపాలుఁడు రాజు గాక యీ
రాజులు రాజులే? పెనుతరాజులు గాక ధరాతలంబునన్

మొదటి 'రాజు' చంద్రుడు, సంస్కృతంలో రాజు అంటే చంద్రుడని కూడా అర్థం. ఆయనకి మచ్చ. రతిరాజు మన్మథుడికి ఒళ్ళే లేదు. అంబికారాజు శివుడికి బట్టల్లేవు. మృగరాజు సింహం గుహలో పడి ఉంటుంది. అందుకని విజయరామరాజే రాజు, మిగతా రాజులు రాజులా, పెద్ద తరాజులు గానీ! తరాజు అంటే కొట్లో తూకం వేసే తక్కెడ. రాజుకి ముందు ఒక్క 'త' చేర్చేసరికి సింహాసనం మీదివాడు కిరాణా కొట్లో వేలాడుతున్నాడు. సభలో కూర్చున్న ఇతర రాజులకి ఇది మండిందని కథ. ఎందుకు మండదు, వినడానికి ప్రాసకోసం పడ్డ మాటలా ఉంటుంది, అర్థం చూస్తే తనకంటూ బరువు లేక ఎవరేది పెడితే అటు వాలేది.

ఈ పద్యం గురించి నాకో అనుమానం ఎప్పుడూ ఉంటుంది. పోటీలో ఓడించింది ఎవర్ని? మచ్చ ఉన్నవాడు, ఒళ్ళు లేనివాడు, బట్టల్లేనివాడు, గుహలో ఉండేవాడు, తక్కెడలు. వీళ్ళమీద గెలిస్తే అదేం గెలుపు? విజయరామరాజుకి సొంతంగా ఉన్న గుణం ఒక్కటీ పద్యంలో లేదు, 'విభ్రాజిత' అంటే వెలిగిపోతున్న అన్న మాట తప్ప. సూరకవి కావాలనే అలా వదిలాడని నేను గట్టిగా అనను, ఆ రోజుల్లో పొగడ్తపద్యాలు ఇలా ఇతరుల్ని తీసేస్తూ సాగడం మామూలే. కానీ ఇదే సూరకవి రామలింగేశ శతకంలో తన కాలం ప్రభువుల అవకతవకల్ని ఏకిపారేశాడని తెలిశాక, ఈ పద్యాన్ని ఉత్త పొగడ్తగా చదవడం కష్టమవుతుంది.

అందువల్ల, ఒక పద్యం లోపల వేరే అర్థం ఉందో లేదో ఎలా తెలుస్తుంది అంటే నేను చేసే పని ఇది. పొగడ్తకి కవి చూపించిన ఆధారం ఏమిటో చూస్తాను. నిజమైన పొగడ్తలో ఆధారం ఆ మనిషి చేసిన పనిలో ఉంటుంది, దొంగ పొగడ్తలో పెళ్ళాం, కొడుకు, తాత, చావు, ఇలా ఎక్కడో బయట ఉంటుంది. ఆ తర్వాత పద్యం మలుపు తిరిగే చోట, అంటే సీసమైతే కింది గీతంలో, కందమైతే మామూలుగా చివరి పాదంలో, ఏ మాట రెండు అర్థాలు మోస్తుందో పట్టుకుంటాను. అలాంటి మాట దొరక్కపోతే నా ఊహ పక్కన పెట్టేస్తాను. దీనికి పరిమితులున్నాయి మరి. ప్రతి స్తోత్రంలోనూ తిట్టు వెతకడం మొదలుపెడితే అన్నమయ్య కీర్తన కూడా వెటకారంలానే కనిపిస్తుంది, అదో జబ్బు.

రెండో ప్రమాదం కవికి. ముసుగు మరీ మందంగా ఉంటే తెలివితక్కువ ప్రభువు అది పొగడ్తే అనుకుని శాలువా కప్పి పంపిస్తాడు, సభలో నలుగురు మాత్రం మీసాల్లో నవ్వుకుంటారు. కవికి అది చాలేమో, భోజనం కూడా గిట్టుబాటవుతుంది. ముసుగు మరీ పలచగా ఉంటే వ్యవహారం వేరేలా తిరుగుతుంది.

ముసుగు మొత్తం తీసేస్తే ఏమవుతుందో చూడాలంటే కూచిమంచి జగ్గకవి దగ్గరికి వెళ్ళాలి. ఈయన పిఠాపురం ప్రాంతం కవి, కూచిమంచి తిమ్మకవి తమ్ముడు, కాలం 18వ శతాబ్దం. నీలాద్రిరాజు అనే ప్రభువు, తన వేశ్య చంద్రరేఖ మీద కావ్యం చెప్పమంటే చంద్రరేఖావిలాసం అని రాసుకెళ్ళాడట. అక్కడ అవమానం జరిగింది, తగిన సన్మానం దక్కలేదు. ఆ రాసింది చించేసి, అదే జంట మీద చంద్రరేఖావిలాపం రాశాడని ప్రతీతి. విలాసంలో ఒక అక్షరం మారిస్తే విలాపం. ప్రబంధానికి కావలసిన సరంజామా అంతా ఇందులో ఉంటుంది. నాయకుడి వర్ణన, నాయిక అందం, విరహం, అన్నీ ఉంటాయి, అన్నీ తలకిందులుగా ఉంటాయి. పెద్దన లాంటివాళ్ళు నాయకుడికి వాడిన పద్ధతినే వాడుతూ అందం ఉండాల్సిన చోట అసహ్యం పెడతాడు. ప్రబంధాలు చదివినవాడికి నవ్వు వచ్చేది అక్కడే, ఎందుకంటే మన వర్ణనలు ఎంత మూసపోతలుగా మారిపోయాయో కూడా పనిలో పనిగా బయటపడిపోతుంది. ఆ విధంగా చూస్తే ఇది రాజు మీదే కాదు, రాజుల్ని పొగిడి బతికిన కవుల మీద కూడా వెటకారం, అందులో జగ్గకవి కూడా ఉన్నాడు.

కానీ దీంట్లో బూతు విపరీతం. ఏ పేజీ తీసి ఇంట్లో పైకి చదవగలరో నాకు తెలియదు. కోపం ముదిరేకొద్దీ చమత్కారం తగ్గిపోయింది, కొన్ని చోట్ల ఉత్త తిట్లే మిగిలాయి. పురుషోత్తమ కవి పద్యం బడిపిల్లలు భక్తిగా అప్పజెప్పి మార్కులు తెచ్చుకుంటే, చంద్రరేఖావిలాపం చాలాకాలంగా చాటుమాటుగా చదువుకునే పుస్తకంగానే ఉంది. ఆ రోజు మా మాస్టారు కూడా దామోదరుడి దగ్గరే ఆగారు, జగ్గకవి పేరు ఎత్తలేదు. కాలేజీలో చేరాక ఒక సీనియర్ అట్ట వేసిన పుస్తకం ఇచ్చి "ఇంట్లో పెట్టుకోకు" అంటే, అప్పుడు తెలిసింది.